యుద్ధరంగంలో చెప్పిన మాట వీలునామా ఎప్పుడవుతుంది

ప్రకాశం జిల్లా టంగుటూరు ప్రాంతంలోని ఒక క్రైస్తవ కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి చనిపోయాడు. తల్లి ఉంది, పెద్ద కొడుక్కి పెళ్ళై వేరే ఇల్లు ఉంది, చిన్న కొడుకు సైన్యంలో జవాను, అతని తర్వాత పెళ్ళి కాని చెల్లెలు. జవానుకు ఇరవై నాలుగేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో తన పేరున రెండెకరాల పొగాకు భూమి కొన్నాడు. బ్యాంకులో ఆరు లక్షల రూపాయలున్నాయి. వీలునామా రాయాలన్న ఆలోచన ఆ వయసులో ఎవరికీ రాదు కాబట్టి అతనూ రాయలేదు. సరిహద్దులో తిరుగుబాటుదారులపై సాగుతున్న ఒక ఆపరేషన్‌లోకి దిగే ముందు రాత్రి గుడారంలో ఉన్న ఇద్దరు తోటి జవాన్లతో, తనకేమైనా అయితే రెండెకరాలూ చెల్లికి, బ్యాంకులో డబ్బు అమ్మకి అని చెప్పాడు. అన్నకు ఇల్లుంది కాబట్టి అతనికేమీ అక్కర్లేదని కూడా అన్నాడు. మరునాడు అతను చనిపోయాడు. కాగితం లేదు, సంతకం లేదు, రిజిస్ట్రేషన్ అంతకన్నా లేదు. ఆ మాటకు చట్టంలో విలువ ఉందా అన్నది ప్రశ్న.

మామూలు పరిస్థితిలో లేదు. భారతీయ వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ప్రకారం వీలునామా కాగితం మీద ఉండాలి, రాసిన మనిషి దానిపై సంతకం గాని వేలిముద్ర గాని పెట్టాలి, కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకాన్ని చూసి, లేదా ఇది తన సంతకమేనని అతను చెప్పగా విని, అతని సమక్షంలో తామూ సంతకాలు చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు. చాలామంది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళనిదే వీలునామా చెల్లదనుకుంటారు గాని అది నిజం కాదు. చెల్లడానికి కావలసిందల్లా ఆ మూడే: రాత, సంతకం, ఇద్దరు సాక్షులు. ఆ మూడింటిలో ఏది లోపించినా చనిపోయిన మనిషి మనసులో ఏముందో ఊరంతటికీ తెలిసినా కోర్టు దాన్ని వీలునామాగా తీసుకోదు. ఆస్తి చట్టం చెప్పిన వారసులకు వెళ్ళిపోతుంది.

మన జవాను విషయంలో ఆ పంపకం ఎలా ఉంటుందో చూస్తే ఆ నోటి మాటకు ఎంత బరువుందో తెలుస్తుంది. తండ్రి లేని, భార్యాబిడ్డలు లేని క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే, అదే చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం తల్లికీ, బతికున్న ప్రతి తోబుట్టువుకూ సమాన వాటాలు వస్తాయి. అంటే రెండు వందల సెంట్ల భూమిలో తల్లికి, అన్నకు, చెల్లికి తలా అరవై ఆరు సెంట్ల పైచిలుకు, బ్యాంకు డబ్బులో తలా రెండు లక్షలు. అతను ఎవరికి ఏమీ అక్కర్లేదన్నాడో ఆ అన్నకే మూడో వంతు పోతుంది, ఎవరి కోసం భూమి ఉంచాలనుకున్నాడో ఆ చెల్లికి దక్కేదీ అంతే.

అయితే 63వ సెక్షన్ మొదటి వాక్యంలోనే ఒక మినహాయింపు ఉంది. దండయాత్రలో నియుక్తుడైన లేదా వాస్తవ యుద్ధంలో నిమగ్నుడైన సైనికుడు, అలాంటి వైమానికుడు, సముద్రంలో ఉన్న నావికుడు, వీళ్ళు కాని ప్రతి ఒక్కరూ ఈ పద్ధతిలో వీలునామా రాయాలని ఆ వాక్యం చెబుతుంది. వీళ్ళ కోసం 65, 66 సెక్షన్లు వేరే దారి వేశాయి. పద్దెనిమిదేళ్ళు నిండిన అలాంటి మనిషి చేసే వీలునామాను ప్రివిలేజ్డ్ విల్ అంటారు. అది కాగితం మీద ఉండవచ్చు, నోటి మాటగానూ ఉండవచ్చు. మొత్తం తన చేతిరాతతో ఉంటే సంతకం కూడా అక్కర్లేదు. వేరొకరు రాసి తాను సంతకం చేస్తే సాక్షులు అక్కర్లేదు. వేరొకరు రాశారు, తన సంతకమూ లేదు అన్నప్పుడు సైతం, తాను చెబితేనే రాశారని గాని, అది తన వీలునామా అని ఒప్పుకున్నాడని గాని రుజువైతే చెల్లుతుంది. ఇవేవీ కుదరనప్పుడు ఒకే సమయంలో హాజరుగా ఉన్న ఇద్దరు సాక్షుల ముందు తన కోరికను నోటితో చెబితే చాలు.

ఈ సడలింపును దేశం కోసం ప్రాణాలొడ్డే వాళ్ళకిచ్చిన గౌరవంగా చాలామంది అర్థం చేసుకుంటారు. ఆ భావన మంచిదే గాని చట్టం తర్కం అది కాదు. 65వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు చదివితే ఆ తర్కం బయటపడుతుంది. దండయాత్రలో ఉన్న రెజిమెంటుకు జతపడిన వైద్యాధికారికి ఈ సౌలభ్యం ఉంది. వర్తక నౌకలో లెక్కలు చూసే పర్సర్ ఒక్క తుపాకీ గుండు పేల్చకపోయినా సముద్రంలో ఉన్నాడు కాబట్టి అతనికీ ఉంది. కాని నౌకాదళానికే అధిపతి అయిన అడ్మిరల్ ఒడ్డున నివసిస్తూ అప్పుడప్పుడూ మాత్రమే ఓడ ఎక్కేవాడైతే అతనికి లేదు. హోదాకు గాని త్యాగానికి గాని ఇచ్చిన బహుమతే అయితే అడ్మిరల్‌ను వదిలి పర్సర్‌ను చేర్చుకోవడానికి కారణం కనిపించదు. చట్టం చూస్తున్నది మనిషిని కాదు, ఆ సమయంలో అతనున్న చోటును: పక్కన వకీలు లేడు, దస్తావేజు రాసేవాడు లేడు, రేపటి దాకా ఆగే వీలు లేదు, చావు మాత్రం దగ్గర్లో ఉంది. ఒడ్డున ఇల్లున్న అడ్మిరల్ ఏ రోజైనా ఇద్దరు సాక్షులను పిలిపించుకోగలడు. కృష్ణపట్నం రేవులో ఆగిన ఓడ నుంచి కొన్ని గంటల కోసం నెల్లూరు బజారుకు వచ్చిన సిబ్బంది మనిషి మాత్రం ప్రయాణం మధ్యలో ఉన్నట్టే, అతన్ని సముద్రంలో ఉన్న నావికుడిగానే చట్టం లెక్కిస్తుంది. అదే మనిషి ఓడ దిగి కావలిలో ఇంటికి రెండు నెలల సెలవు మీద వచ్చాడంటే ఆ రెండు నెలలూ అందరిలాగే 63వ సెక్షన్ కింద రాసుకోవాల్సిందేనని భావించి నడుచుకోవడం మంచిది.

ఈ ఆలోచన కొత్తది కాదు. రోమన్ చట్టంలో జూలియస్ సీజర్ కాలంలో తాత్కాలికంగా మొదలై తర్వాతి చక్రవర్తుల కాలంలో స్థిరపడింది. సైనికులకు చట్టం మెళకువలు తెలియవన్నది అక్కడ చెప్పిన ముఖ్య కారణం. జస్టీనియన్ చక్రవర్తి దాన్ని దండయాత్రలో ఉన్న కాలానికే పరిమితం చేశాడు. ఇంగ్లండులో వీలునామాలకు కఠిన నియమాలు పెట్టిన 1677 నాటి చట్టమే సైనికులనూ నావికులనూ మినహాయించింది, 1837 నాటి విల్స్ చట్టం ఆ మినహాయింపును కొనసాగించింది, అక్కడి నుంచి 1865 నాటి భారతీయ చట్టంలోకీ, దాని నుంచి ఇప్పటి 1925 చట్టంలోకీ వచ్చింది.

ఇప్పుడు టంగుటూరు జవాను మాట దగ్గరికి మళ్ళీ వెళ్దాం. చెల్లెలు ఒంగోలులోని జిల్లా కోర్టుకు వెళ్ళి ఆ మాటను వీలునామాగా నిలబెట్టుకోవాలంటే, అన్న లేవనెత్తగల ప్రతి అభ్యంతరానికీ జవాబు ఉండాలి. మొదటిది, అతను నిజంగా యుద్ధంలో ఉన్నాడా అన్నది. యుద్ధం ప్రకటించి ఉండనక్కర్లేదు. తిరుగుబాటుదారులపై రంగంలో పనిచేస్తున్న సైనికుడు వాస్తవ యుద్ధంలో ఉన్నట్టేనని 65వ సెక్షన్ ఉదాహరణే చెబుతుంది. 1978లో ఉత్తర ఐర్లండులో గస్తీ తిరుగుతూ కాల్పులకు గురైన సైనికుడి నోటి మాటను, యుద్ధ ప్రకటన ఏదీ లేకపోయినా, ఇంగ్లండు కోర్టు తర్వాత వీలునామాగా గుర్తించింది. అయితే శాంతికాలపు కంటోన్మెంటులో డ్యూటీ చేస్తున్నప్పుడు అన్న మాటకు ఆ రక్షణ దొరకదు. కాబట్టి ఆ తేదీన ఆ యూనిట్ ఏ ఆపరేషన్‌లో ఉందో చూపే అధికారిక పత్రం చెల్లెలి చేతిలో ఉండాలి. సైనికుడు అన్న మాటకు ఈ చట్టం నిర్వచనం ఇవ్వలేదు కాబట్టి సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాల్లో ఉన్నవాళ్ళు ఈ దారి తమకూ ఉందని ధీమాగా ఉండడం తగదు.

రెండో అభ్యంతరం సాక్షుల గురించి. ఇక్కడ చాలామంది గమనించని ఒక విచిత్రం ఉంది. మామూలు వీలునామాకు ఇద్దరు సాక్షులూ ఒకేసారి హాజరు కావాలన్న నియమం లేదు. ఒకరు పొద్దున, మరొకరు సాయంత్రం సంతకం చేయవచ్చు. నోటి వీలునామాకు మాత్రం ఇద్దరూ ఒకే సమయంలో ఉండాలని చట్టం స్పష్టంగా అడుగుతుంది. కాగితం వదిలేసిన చోట చట్టం మనుషుల దగ్గర బిగించింది, ఎందుకంటే ఆ మాటకు మిగిలే ఆధారం ఆ ఇద్దరి జ్ఞాపకమే. జవాను మధ్యాహ్నం ఒకరితోనూ, రాత్రి మరొకరితోనూ అదే మాట చెప్పి ఉంటే అది నోటి వీలునామా కాదు. ఇద్దరూ ఉన్నారు, కాని ఒకడు కర్నూలు వాడు, రెండోవాడు హిందీ మాత్రమే తెలిసిన హవల్దారు, జవాను చెప్పింది తెలుగులో అయితే? హవల్దారు గొంతు విన్నాడు గాని మాట వినలేదు. ఏ ఆస్తి ఎవరికన్నాడో అతను కోర్టులో చెప్పలేడు. అప్పుడు అర్థం తెలిసిన సాక్షి ఒక్కడే మిగులుతాడు. మన కథలో జవాను హిందీలోనే చెప్పాడని, ఇద్దరికీ అర్థమైందని అనుకుందాం.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. ఆ మాట ఆస్తి పంపకం ఉద్దేశంతో అన్నదా, లేక నలుగురూ కూర్చున్నప్పుడు మనసులో మాటగా దొర్లిందా? ఇంగ్లండు కోర్టుల ముందుకు వచ్చిన రెండు కేసులు ఈ తేడాను పట్టి చూపుతాయి. 1919 నాటి స్టేబుల్ కేసులో యుద్ధానికి బయలుదేరుతున్న యువ అధికారి, తనకు తూటా తగిలితే తనదంతా నీదే అని తాను పెళ్ళాడబోయే అమ్మాయితో అన్న మాటను కోర్టు వీలునామాగా ఒప్పుకుంది. 1962 నాటి నిబ్స్ కేసులో ఓడలోని బార్‌లో పనిచేసే నావికుడు, తనకేమైనా జరిగితే తనదంతా ఫలానా ఆమెకే పోతుందని కబుర్ల మధ్య అన్న మాటను ఒప్పుకోలేదు. మాటల్లో పెద్ద తేడా లేదు. మొదటివాడు వినేవారికి తన నిర్ణయాన్ని అప్పగిస్తున్నాడు, రెండోవాడు కబుర్లాడుతున్నాడు. నేను వీలునామా చేస్తున్నాను అన్న స్పృహ సైనికుడికి ఉండనక్కర్లేదు, తన తదనంతరం తన ఆస్తి ఏమి కావాలో చెబుతున్నానన్న ఉద్దేశం మాత్రం ఉండాలి. మన జవాను ఏ ఆస్తి ఎవరికో విడదీసి చెప్పాడు, అన్నకు ఎందుకు వద్దో కారణమూ చెప్పాడు. ఈ వివరాలే అతని మాటను కబుర్ల నుంచి వేరు చేస్తాయి. అందుకే ఆ ఇద్దరు సాక్షులూ వీలైనంత త్వరగా, ఎవరికి వారు, తేదీ, చోటు, విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాసి కంపెనీ కమాండర్‌కు ఇవ్వడం ఎంతో అవసరం. మూడేళ్ళ తర్వాత కేసు విచారణకు వచ్చేసరికి ఒకరు బదిలీ మీద ఎక్కడో ఉంటారు, ఇంకొకరు రిటైరై ఉంటారు. ఆ రోజు రాసిన కాగితం లేకపోతే రెండెకరాలా, రెండెకరాల్లో సగమా అన్న దగ్గరే ఇద్దరి మాటా చెదురుతుంది.

అదే జవాను నోటితో చెప్పకుండా చెల్లికి ఒక ఉత్తరం రాసి, ఆ రెండెకరాలు నీకే అని తన చేతిరాతతో పెట్టి, సంతకం కూడా చేయకుండా సంచిలో ఉంచుకుని చనిపోయి ఉంటే పరిస్థితి ఇంకా మెరుగు. అక్కడ సాక్షుల ప్రశ్నే లేదు, చేతిరాత అతనిదేనని రుజువైతే చాలు. ఉత్తరం మధ్యలో ఆగిపోయినా, ఆగడానికి కారణం మనసు మార్చుకోవడం కాదు, పిలుపు రావడమో దాడి జరగడమో అని సహేతుకంగా అనిపిస్తే ఆ సగం ఉత్తరమూ నిలుస్తుంది. ఫోన్‌లో పంపిన వాట్సాప్ మెసేజీని స్వహస్తంతో రాసిన దానితో సమానంగా చూడాలని వాదించవచ్చు, ఫోన్ చేసి చెప్పిన మాటను స్పీకర్‌లో విన్న ఇద్దరిని సాక్షులుగా చూపవచ్చు. కాని స్వహస్తం, హాజరు అన్న చట్టపు మాటలు కాగితాన్నీ ఎదురుగా ఉన్న మనుషులనూ దృష్టిలో పెట్టుకుని రాసినవి. జేబులో కలమూ కాగితమూ ఉన్నప్పుడు ఫోన్‌ను నమ్ముకోవడం కుటుంబాన్ని అనవసరమైన వ్యాజ్యంలోకి నెట్టడమే.

నోటి మాటకు ఇంకొక బలహీనత ఉంది, అది గడువు. యుద్ధం ముగిసి సైనికుడు బతికి బయటపడితే, అతనికి ఈ సౌలభ్యం పోయిన రోజు నుంచి ఒక నెల గడిచాక నోటి వీలునామా దానంతటదే రద్దవుతుంది. జవాను ఆ ఆపరేషన్‌లో చనిపోకుండా, జూలై 10న యూనిట్‌తో పాటు శాంతికాలపు స్టేషన్‌కు తిరిగొచ్చాడనుకుందాం. ఆగస్టు 5న రోడ్డు ప్రమాదంలో చనిపోతే గుడారంలో చెప్పిన మాట ఇంకా బతికే ఉంటుంది. ఆగస్టు 20న చనిపోతే ఆ మాట లేనట్టే, భూమి మళ్ళీ మూడు వాటాలవుతుంది. ఇది సమంజసమైన నియమం. కాగితం దొరకని చోటి నుంచి కాగితం దొరికే చోటికి వచ్చాక కూడా రాయలేదంటే అతను ఇంకా అదే కోరుకుంటున్నాడో లేదో చెప్పలేం, సాక్షుల జ్ఞాపకమూ రోజురోజుకూ పలచబడుతుంది.

రాతలో ఉన్న ప్రివిలేజ్డ్ విల్‌కు ఈ నెల గడువు లేదు. పదేళ్ళ కిందట ఒక పోస్టులో రాసుకున్న ఉత్తరం ఈ రోజుకీ చెల్లవచ్చు, ప్రమాదమూ అక్కడే ఉంది. ఈ లోపు చెల్లికి పెళ్ళై ఉండవచ్చు, భూమి ధర మారి ఉండవచ్చు, తల్లి అతని మీదే ఆధారపడి ఉండవచ్చు. అయితే క్రైస్తవుడి విషయంలో చట్టం ఒక చోట అడ్డుపడుతుంది: 69వ సెక్షన్ ప్రకారం రాసినవాడి పెళ్ళితో అంతకు ముందు రాసిన వీలునామా రద్దవుతుంది. సెలవు మీద ఇంటికొచ్చి పెళ్ళి చేసుకున్న జవాను పాత ఉత్తరం ఇంకా నడుస్తుందనుకుంటే పొరపాటు. పెళ్ళి తర్వాత మళ్ళీ రాయాలి.

ఎంత సక్రమంగా చేసిన వీలునామా అయినా ముట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి. ఫ్యామిలీ పెన్షన్ వాటిలో ముఖ్యమైనది. అది చనిపోయినవాడి ఆస్తి కాదనీ, వీలునామాతో దాన్ని ఎవరికీ రాయలేరనీ 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు రైల్వే ఉద్యోగిది గాని సూత్రం ఒకటే: పెన్షన్ ఎవరికి రావాలో నిబంధనలు చెబుతాయి.

ఇప్పటి వరకూ చెప్పిందంతా క్రైస్తవ జవాను గురించి. నెల్లూరులో 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ అడుగుపెట్టినప్పటి నుంచి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో క్రైస్తవ కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి కాబట్టి 65, 66 సెక్షన్లు ఇక్కడ పుస్తకాల్లో మాత్రమే ఉండే విషయం కాదు. సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆచరణలో మరొకటి ఉన్న ఇళ్ళల్లో మాత్రం ఏ చట్టం వర్తిస్తుందన్న ప్రశ్నే మొదట లేస్తుంది. ముస్లిం జవానుకు ఈ చట్టంలో వీలునామాల గురించిన భాగమే వర్తించదు. అతని వ్యక్తిగత చట్టంలో నోటి వీలునామా యుద్ధం లేకపోయినా చెల్లుతుంది, వారసుల సమ్మతి లేకపోతే ఆస్తిలో మూడో వంతుకు మించకూడదన్నది దానికి ఒక హద్దు.

హిందూ జవాను సంగతే అసలు చిక్కు. హిందువుల వీలునామాలకు ఈ చట్టంలోని ఏ సెక్షన్లు వర్తిస్తాయో మూడో షెడ్యూలు ఒక జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో 63 ఉంది, 64 ఉంది, తర్వాత నేరుగా 68. నడిమి 65, 66 లేవు. అంటే ప్రివిలేజ్డ్ విల్ గురించిన నియమాలు హిందువుకు వర్తించవు. కాని జాబితాలో ఉన్న 63వ సెక్షన్ మొదటి వాక్యమే యుద్ధంలో ఉన్న సైనికుణ్ణి తన పరిధి నుంచి తప్పించింది. ఇటు కఠిన నియమమూ అతని మీద లేదు, అటు సడలించిన నియమమూ అతనికి లేదు. ఈ ఖాళీని రెండు రకాలుగా పూరించవచ్చు. పాత హిందూ ధర్మశాస్త్ర సంప్రదాయంలో నోటి వీలునామాకు అడ్డు లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు నగరం దాటాక, అంటే ఇటు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో, 1926 డిసెంబరు చివరి దాకా హిందువు నోటితో చెప్పిన వీలునామా చెల్లేది. 1927 జనవరి 1 నుంచి చేసిన వీలునామాలకే 63వ సెక్షన్ వచ్చింది. ఆ సెక్షన్ సైనికుణ్ణి వదిలేసింది కాబట్టి అతని మీద ఆ పాత చట్టమే నడుస్తుందన్నది ఒక వాదం. షెడ్యూలులో 65, 66లను కావాలనే వదిలారు కాబట్టి హిందూ సైనికుడికి ఏ సౌలభ్యమూ లేదన్నది ఎదుటి వాదం. చట్టం మాటలను బట్టి చూస్తే మొదటి వాదమే బలంగా కనిపిస్తుంది. వదిలేయడం వల్ల సైనికుడు మామూలు మనిషి కన్నా అధ్వాన స్థితిలో పడాలని శాసనకర్తలు కోరుకుని ఉండరు. పైగా తిరిగొచ్చిన హిందూ జవాను నోటి మాటకు, 66వ సెక్షన్ వర్తించదు కాబట్టి, నెల గడువూ ఉండదన్న వింత ఫలితం ఈ వాదం నుంచే పుడుతుంది. కాని ఒక కుటుంబం రెండెకరాల కోసం ఈ వాదన మీద హైకోర్టు దాకా వెళ్ళే పరిస్థితి ఎందుకు రావాలి?

హిందూ జవాను చేయవలసింది పది నిమిషాల పని. ఆపరేషన్‌లోకి వెళ్ళే ముందు బ్యారక్‌లో ఒక తెల్లకాగితం మీద భూమి సర్వే నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, ఏది ఎవరికో తెలుగులోనే రాసి, తేదీ వేసి, సంతకం చేసి, ఇద్దరు తోటి జవాన్ల చేత తన ఎదుటే సాక్షి సంతకాలు చేయించాలి. సాక్షులు చదివి అర్థం చేసుకోనక్కర్లేదు, అతను సంతకం చేయడం చూశారంటే చాలు కాబట్టి తెలుగు రాని హవల్దారు కూడా ఇక్కడ మంచి సాక్షే. వాళ్ళ పూర్తి పేరు, సర్వీసు నంబరు, సొంత ఊరు సంతకం కింద ఉంటే తర్వాత వెతికి పట్టుకోవడం తేలిక. ఆ కాగితానికి 65వ సెక్షన్‌తో పని లేదు, యూనిట్ ఆ రోజు ఎక్కడుందన్న పత్రంతో పని లేదు, నెల గడువు లేదు. దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపవచ్చు గాని అసలు కాగితం సంచిలో కాకుండా వెనక స్థావరంలో ఉండే పెట్టెలో గాని, స్పీడ్ పోస్టులో తల్లి దగ్గరికి గాని చేరాలి.